ఆఖరి అడుగులో ఫోకస్

షూటింగ్ చూడటానికి వచ్చినవాళ్ళు నన్ను చాలాసార్లు అడిగిన ప్రశ్న ఒకటుంది. "అందరూ హీరోయిన్ మొహం చూస్తుంటే మీరు ఆవిడ కాళ్ళ వంక చూస్తారేంటండీ?" అని. ఏం చెప్పను? మొహం చూస్తూ కూర్చుంటే ఆ మొహమే పోతుంది. నేను ఫోకస్ పుల్లర్‌ని. ఫ్రేమ్ ఎలా ఉండాలో కెమెరామన్ చూసుకుంటాడు. నటి నడుస్తున్నంతసేపూ ఆవిడకీ కెమెరాకీ మధ్య దూరం ఎంతో తెలుసుకుంటూ, ఆ దూరానికి సరిగ్గా లెన్స్ చక్రం తిప్పుతూ ఉండటం నా పని. బాగా తిప్పితే ఎవరికీ తెలియదు. తప్పితే యూనిట్ మొత్తం నా వంక తిరుగుతుంది.

కోనసీమలో ఒక పాత మండువా ఇంట్లో తీసిన ఒకే ఒక్క షాట్ గురించి చెబుతాను. ఈ పనిలో ఉన్న తిరకాసంతా అందులో ఉంది. చూడటానికి చాలా మామూలు షాట్. అమ్మాయి వీధి గుమ్మం దాటి లోపలికి వస్తుంది, స్తంభాల పక్కనుంచి నడిచి కెమెరా ముందు ఆగుతుంది, చేతిలో ఫోన్ చూస్తుంది, తలెత్తి ఒక్క మాట అంటుంది. గుమ్మం కెమెరాకి 15 అడుగుల దూరం. ఆగే చోటు 5 అడుగులు. అంటే పదడుగుల నడక.

కెమెరామన్ 75 ఎంఎం లెన్స్ పెట్టి అపర్చర్ 2కి తెరిచాడు. రాత్రి సీను, ఒక దీపం వెలుగూ కిటికీలోంచి కాస్త నీలం కాంతీ తప్ప ఇంకేం ఉండకూడదన్నాడు. వెనకనున్న గోడలూ స్తంభాలూ పొగమంచులోకి పోయినట్టు కరిగిపోవాలి, అమ్మాయి మొహం ఒక్కటే నిలబడాలి. చూసేవాళ్ళకి అది అందం. మా భాషలో "డెప్త్ లేదు" అని అర్థం.

డెప్త్ అంటే ఏమిటో కాస్త విడమరిచి చెప్పాలి. లెన్స్ ఏ క్షణంలోనైనా ఒకే ఒక్క దూరాన్ని స్పష్టంగా చూపిస్తుంది. దానికి కొంచెం ముందూ కొంచెం వెనకా ఉన్నవి నిజానికి మసకే, కానీ ఆ మసక మన కంటికి ఆననంత తక్కువ. కంటికి స్పష్టంగా అనిపించే ఆ పట్టీ మందమే డెప్త్. లెన్స్ పొడవైనదైతే అది పలచబడుతుంది, అపర్చర్ తెరిస్తే పలచబడుతుంది, మనిషి దగ్గరికొస్తే మరీ పలచబడుతుంది. మామూలుగా సినిమా కెమెరాల్లో ఉండే సూపర్ 35 సెన్సార్ మీద ఆ రోజు లెక్క ఇలా ఉంది: అమ్మాయి గుమ్మంలో ఉన్నప్పుడు పట్టీ మందం సుమారు 14 అంగుళాలు. సగం దూరం వచ్చి పదడుగుల దగ్గర ఉన్నప్పుడు ఆరు అంగుళాలు. అయిదడుగుల దగ్గర ఆగాక ఒకటిన్నర అంగుళం. అంటే కళ్ళకి ఫోకస్ పెడితే చెవులు పోతాయి.

అపర్చర్ 4కి మూసేస్తే ఆ ఒకటిన్నర మూడవుతుంది కదా అని అడగొచ్చు. అవుతుంది. కానీ లైటు నాలుగు రెట్లు పెంచాలి, ఆ దీపం వెలుగు దీపంలా ఉండదు. ఆ మాట నేను అడగనూ అడగలేదు. అడిగినా లాభం లేదని తెలుసు.

ఇప్పుడు నడక వేగం చూడండి. ఆలోచిస్తూ నెమ్మదిగా నడిచే మనిషి సెకనుకి ఇంచుమించు మూడడుగులు కదులుతుంది. సినిమా కెమెరా సెకనుకి 24 ఫ్రేములు తీస్తుంది. అంటే ఒక ఫ్రేముకీ ఇంకో ఫ్రేముకీ మధ్య అమ్మాయి ఒకటిన్నర అంగుళం ముందుకొస్తోంది. అయిదడుగుల దగ్గర మొత్తం డెప్త్ ఎంతో, ఒక్క ఫ్రేములో ఆవిడ దాటేదీ అంతే. మనిషి కంటితో చూసి, మసకబారిందని గ్రహించి, చేయి కదపడానికి పావు సెకను పడుతుంది. ఆ పావు సెకనులో ఆవిడ తొమ్మిది అంగుళాలు వచ్చేసి ఉంటుంది. కాబట్టి మసకబారాక సరిదిద్దుదాం అనుకునేవాడు ఈ షాట్ చేయలేడు. ఆవిడ ఎక్కడికి రాబోతోందో నా చేతికి ముందే తెలిసి ఉండాలి.

అలా తెలియాలంటే ముందు కొలవాలి. కెమెరా ఒంటి మీద ఒక చిన్న గుర్తు ఉంటుంది, సున్నా మధ్యలోంచి గీత గీసినట్టు. లోపల సెన్సార్ ఉన్న చోటు అది. లెన్స్ మీద అడుగులూ అంగుళాలూ అక్కడినుంచే లెక్క, లెన్స్ ముందు అద్దం నుంచి కాదు. ఆ గుర్తు పక్కనే ఉన్న చిన్న కొక్కేనికి టేపు తగిలించి, రెండో కొస పట్టుకుని నటి దగ్గరికి నడుస్తాను. మనుషుల దగ్గర ఇనుప టేపు వాడను, దర్జీ టేపులాంటి మెత్తనిది వాడతాను. కంటి దాకా వెళ్ళే కొస కదా. "మేడం, ఒక్క నిమిషం" అని చెప్పి కణత పక్కన, కంటి చివరకి సమానంగా ఆపి అంకె చదువుకుంటాను. లేజర్ మీటర్ కూడా ఉంది నా దగ్గర, కానీ దాన్ని గోడలకీ స్తంభాలకీ మాత్రమే చూపిస్తాను.

నటి ఆగే చోట నేల మీద టీ అక్షరం ఆకారంలో టేపు ముక్కలు అంటిస్తాం. అడ్డగీత దగ్గర కాలి వేళ్ళు, నిలువుగీత రెండు పాదాల మధ్య. ఇద్దరు ముగ్గురు నటులుంటే ఒక్కొక్కరికి ఒక్కో రంగు. కానీ ఈ సీనులో అమ్మాయి నేల వంక చూడకూడదు, చూస్తే గుర్తు వెతుక్కుంటున్నట్టు తెరమీద కనబడిపోతుంది. పైగా చెప్పుల్లేకుండా నడుస్తోంది. అందుకని టేపుతో పాటు చిటికెన వేలంత మందమున్న కొబ్బరితాడు ముక్క ఒకటి అక్కడ అడ్డంగా పడేశాం. కాలి వేళ్ళకి తగలగానే ఆగిపోతే చాలు. ఫ్రేములో నడుం కింద ఏమీ కనబడదు కాబట్టి ఆ తాడు గొడవ ప్రేక్షకుడిది కాదు.

దారి మధ్యలో మాత్రం నటికి గుర్తులేం ఉండవు. ఆ గుర్తులు నాకు కావాలి. ఆ ఇల్లు నాకు బాగా సాయం చేసింది. గుమ్మం 15, మొదటి స్తంభం 11, ఉయ్యాల బల్ల గొలుసు 8, నీళ్ళ బిందె 6, తాడు 5. లెన్స్‌ని నడిపే హ్యాండ్ యూనిట్ చక్రానికి తెల్ల రింగు ఉంటుంది. దాని మీద పెన్సిల్‌తో ఆ అయిదు గీతలూ గీసుకున్నాను. నేను కెమెరా వెనక నిలబడలేదు, నడకదారికి పక్కన గోడకి ఆనుకుని నిలబడ్డాను. ఎదురుగా నుంచి చూస్తే మనిషి దగ్గరికొస్తున్నట్టు తెలుస్తుందే గానీ ఎన్ని అంగుళాలు వచ్చిందో తెలియదు. పక్కనుంచి చూస్తే ఆవిడ పాదం స్తంభాన్ని ఎప్పుడు దాటిందో, బిందె పక్కకి ఎప్పుడు వచ్చిందో కచ్చితంగా కనబడుతుంది. నేను కాళ్ళ వంక చూడటానికి కారణం అదే. పాదం గొలుసు దాటిన క్షణాన నా పెన్సిల్ గీత 8 మీద ఉండాలి.

పక్కనుంచి చూడటమనే ఈ కిటుకుకి పెద్ద పేరున్న ఉదాహరణ ఒకటుంది. స్టాన్లీ కుబ్రిక్ 1975లో తెచ్చిన 'బారీ లిండన్'లో కొన్ని సీన్లు కొవ్వొత్తుల వెలుగులోనే తీశారు. నాసా చంద్రయాత్రల కోసం జైస్ కంపెనీ తయారుచేసిన 50 ఎంఎం లెన్స్, అపర్చర్ 0.7. నా అపర్చర్ 2 దాని ముందు ఎంత? కెమెరామన్ జాన్ ఆల్కాట్, ఫోకస్ పుల్లర్ డగ్లస్ మిల్సమ్. కెమెరాకి లంబంగా పక్కన ఒక వీడియో కెమెరా పెట్టి, దాని టీవీ తెర మీద గళ్ళు గీసి, నటులు ఏ గడిలో ఉంటే ఎంత దూరమో ముందే గుర్తులు పెట్టుకుని ఫోకస్ లాగారు. ఎదుటివైపు నుంచి తెలియని దూరాన్ని పక్కనుంచి పట్టుకోవడమే అది. అయినా ఆ సీన్లలో నటులు ఎక్కువగా కూర్చునే ఉంటారు, గమనించండి.

ఇక చేయి సంగతి. కొత్తగా వచ్చిన కుర్రాళ్ళు ఇక్కడే దెబ్బతింటారు. అమ్మాయి ఒకే వేగంతో నడుస్తోంది కదా, చక్రం కూడా ఒకే వేగంతో తిప్పాలనుకుంటారు. లెన్స్ అలా ఉండదు. దాని మీద అంకెలు దూరాల దగ్గర ఇరుక్కుని ఉంటాయి, దగ్గరకొచ్చేకొద్దీ విడిపోతాయి. గుమ్మం నుంచి పదడుగుల దాకా, అంటే మొదటి అయిదడుగుల నడకకి, చక్రం ఎంత తిరుగుతుందో, బిందె నుంచి తాడు దాకా ఉన్న ఒక్క అడుగుకీ సుమారు అంతే తిరగాలి. మొదట్లో చేయి కదిలీ కదలనట్టు ఉంటుంది, చివర్లో పరుగెత్తుతుంది, అమ్మాయి ఆగిన క్షణాన టక్కున ఆగిపోవాలి. ఒక మిల్లీమీటరు దాటినా మళ్ళీ వెనక్కి రావాలి, ఆ వెనక్కి రావడం తెర మీద కనబడుతుంది. నడిచే మనిషి ఆగాక ఫోకస్ వెతుక్కోవడం కంటే అసహ్యమైంది ఇంకోటి లేదు.

ఇదంతా రిహార్సల్‌లో చేతికి ఎక్కాలి. మొదటి రిహార్సల్ డైరెక్టరుది. అందులో నేను టేపు తీయను, ఊరికే చూస్తాను. రెండోదానికి అమ్మాయి మేకప్‌కి వెళ్ళింది, ఆవిడ ఎత్తున్న అసిస్టెంట్ డైరెక్టర్ అమ్మాయిని నడిపించి కొలతలు తీసుకున్నాం. ఎత్తు సమానంగా ఉండాలని ఎందుకు పట్టుబడతామో ఇంకాసేపట్లో తెలుస్తుంది. మూడోది నటితోనే. అప్పుడే మనిషి అలవాట్లు దొరుకుతాయి. ఈ అమ్మాయి గుమ్మం దగ్గర ఒక్క క్షణం తటపటాయించి ఎడమకాలు ముందు వేస్తుంది. తాడు తగిలాక ఆగుతుంది, కానీ ఆగిన వెంటనే ఒంటి బరువు ముందుకి వేస్తుంది, తల రెండంగుళాలు వస్తుంది. మాట అనబోయే ముందు ఊపిరి పీల్చుకుంటుంది, అప్పుడు మళ్ళీ అంగుళం వెనక్కి. ఉన్న డెప్త్ ఒకటిన్నర అంగుళం, ఆవిడ ఊపిరే అంగుళం. ఆ ఊపిరిని కూడా నేను నేర్చుకోవాలి. భుజాలు పైకి లేవడం కనబడితే చాలు, చక్రం వెంట్రుకవాసి వెనక్కి.

రిహార్సల్‌లో పూర్తి భావంతో చేయమని నటుల్ని అడిగే అలవాటు నాకు లేదు. వాళ్ళ సరుకు టేకు కోసం దాచుకుంటారు, అది న్యాయమే. ఒక్కటి మాత్రం అడుగుతాను: "మేడం, నడక వేగం మాత్రం టేకులో లాగే నడవండి" అని. చాలామంది ఒప్పుకుంటారు. అయినా టేకులో వేగం మారుతుంది. అది వాళ్ళ తప్పు కాదు, సీను వాళ్ళని లాక్కెళుతుంది.

మొదటి టేకు. గుమ్మం, స్తంభం, గొలుసు, బిందె, తాడు. నా చేయి చక్కగా ఆడింది, ఆగింది. నాకు తృప్తిగా ఉంది. మానిటర్ దగ్గరనుంచి కెమెరామన్ గొంతు వినిపించింది. "చివర సాఫ్ట్, బాబూ."

వెళ్ళి చూశాను. నడకంతా నిక్షేపంగా ఉంది. ఆగాక కళ్ళు మెత్తగా, పాలపొరలా ఉన్నాయి. ఇలాంటప్పుడు మసకైనదాన్ని చూస్తూ కూర్చుంటే ఏమీ తెలియదు, అందులో స్పష్టంగా ఏముందో వెతకాలి. ఫోన్ పట్టుకున్న వేళ్ళు గోళ్ళతో సహా స్పష్టంగా ఉన్నాయి. వేళ్ళు మొహానికి ముందున్నాయి. అంటే ఫోకస్ కెమెరా వైపు పడింది, ఆవిడ నేననుకున్నదానికంటే దూరంగా ఉంది. కానీ కాళ్ళు తాడు మీదే ఉన్నాయి! మరి దూరం ఎక్కడినుంచి వచ్చింది?

కెమెరా కాళ్ళ వంక చూస్తే తెలిసింది. నేను కొలిచేటప్పుడు కెమెరా ఆవిడ కళ్ళకి సమానంగా, అయిదడుగుల ఎత్తులో ఉంది. మేకప్ అవుతుండగా కెమెరామన్ దాన్ని మూడడుగులకి దించి కింది నుంచి పైకి చూపించాడు. నేను మళ్ళీ టేపు వేయలేదు. నేల మీద దూరం ఇప్పటికీ అయిదడుగులే. కానీ లెన్స్‌కి నేలతో పనిలేదు, దానికి కావలసింది సెన్సార్ నుంచి కంటికి వాలుగా పోయే గీత. రెండడుగుల ఎత్తు తేడాతో ఆ వాలుగీత అయిదడుగుల నాలుగున్నర అంగుళాలైంది. ఉన్న డెప్త్‌కి అది మూడు రెట్లు. గుమ్మం దగ్గర కూడా ఇదే తేడా ఉంది, కానీ అక్కడ వాలు వల్ల పెరిగింది అంగుళమున్నరే, డెప్త్ చూస్తే 14 అంగుళాలు. అందుకే నడకంతా ఏమీ తెలియలేదు, తప్పు చివరిదాకా దాక్కుని ఆఖరి అడుగులో బయటపడింది. కెమెరా కదిలితే మళ్ళీ కొలవాలన్నది ఈ పనిలో ఓనమాలు. "నా తప్పే సార్, కొలత మార్చలేదు" అన్నాను. ఆ మాట వెంటనే అనేయాలి. లైట్ల మీదకో లెన్స్ మీదకో నెడితే అసలు కారణం వెతకడానికి అరగంట పోతుంది.

మళ్ళీ కొలిచి, పాత గీతలు తుడిచేసి కొత్తవి గీసుకున్నాను. రెండో టేకు. ఈసారి అమ్మాయికి సీను పట్టేసింది. బిందె దాటాక ఆగలేకపోయింది, తాడు మీద కాలేసి మరీ ఇంకో నాలుగంగుళాలు ముందుకొచ్చేసింది. కళ్ళలో నీళ్ళు తిరిగాయి, అవి రిహార్సల్‌లో లేవు. పాదం తాడు దాటడం చూసి నేను చక్రం ఇంకా తిప్పాను, కానీ ఎంత అన్నది ఊహే. ఆ ఊహకీ మా అసిస్టెంట్ కుర్రాడి దగ్గర లెక్క ఉంది: తెలిసిన గుర్తు నుంచి ఎంత దాటిందో పాదాలతో కొలవమంటాడు, ఆడవాళ్ళ పాదం తొమ్మిదంగుళాలనుకుంటే అందులో సగం. వాడి లెక్క తప్పు కాదు. నేనే సగం కంటే తక్కువ తిప్పాను.

మానిటర్‌లో చూస్తే కళ్ళు కొద్దిగా సాఫ్ట్. చెవి జూకా మాత్రం రాయి రాయి లెక్కపెట్టొచ్చు. చెవి కళ్ళకి వెనక ఉంటుంది కాబట్టి ఈసారి ఫోకస్ వెనక పడింది, ఆవిడ నాకంటే ముందుంది. వేళ్ళు స్పష్టంగా ఉంటే ఒక తప్పు, జూకా స్పష్టంగా ఉంటే ఇంకో తప్పు.

ఇన్ని యంత్రాలొచ్చాయి కదా, ఇంకా పెన్సిల్ గీతలేంటి అంటారు కొందరు. యంత్రాలున్నాయి. సినీటేప్ అని శబ్దతరంగాలతో దూరం కొలిచేది ఒకటి, కెమెరా మీద బిగిస్తే అంకె చూపిస్తూ ఉంటుంది. కానీ ముందు ఏది అడ్డొస్తే దాని దూరమే చెబుతుంది, ఈ షాట్‌లో ఫోన్ పట్టుకున్న చేయి దూరం చెప్పేది. కళ్ళని వెతికిపట్టే ఆటోఫోకస్ కూడా బాగుపడింది. ఒక్క మనిషి నడిచొస్తే అది నాకంటే బాగానే పట్టుకోవచ్చు. ఇద్దరుంటే, ఒకళ్ళు మాట్లాడుతుండగా వింటున్నవాళ్ళ మీదకి ఎప్పుడు వెళ్ళాలో దానికెలా తెలుస్తుంది? మానిటర్ చూస్తూ లాగే పుల్లర్లు ఇప్పుడు చాలామంది, నేనూ చూస్తాను, నిలబడి మాట్లాడే షాట్లలో. నడిచే షాట్లలో మాత్రం వైర్‌లెస్‌గా వచ్చే ఆ బొమ్మ కాస్త ఆలస్యంగా వస్తుంది, నా చేయి ఇంకాస్త ఆలస్యం. పైగా మసక చూపిస్తుందే గానీ, చక్రం ముందుకి తిప్పాలా వెనక్కి తిప్పాలా అన్నది చెప్పదు.

మూడో టేకులో నేను తాడు దగ్గర ఇంకో గీత అదనంగా గీసుకున్నాను, తాడు దాటి నాలుగంగుళాలకి. ఆవిడ ఈసారి తాడు దగ్గరే బుద్ధిగా ఆగింది. తల ముందుకి, ఊపిరి వెనక్కి, అన్నీ అనుకున్నట్టే. మొదటి ఫ్రేము నుంచి చివరి ఫ్రేము దాకా కనుపాపలో దీపం ప్రతిబింబం కూడా కనబడేంత షార్ప్. కెమెరామన్ బొటనవేలు చూపించాడు. లైట్‌మన్ అన్న ఒకాయన "ఇహ భోజనాలకి పోవచ్చు" అన్నాడు.

ఎడిటింగ్‌లో డైరెక్టర్ రెండో టేకు పెట్టాడు. మూడోదాంట్లో కళ్ళ నీళ్ళు లేవు. ఫోన్ చేసి నాకు చెప్పాడు కూడా, "చివర కొంచెం సాఫ్ట్ అని తెలుసు, కానీ ఆ పిల్ల అక్కడ ఉంది" అని. నేనేం అనలేదు, అనడానికి లేదు. రాజమండ్రిలో మొదటిరోజు సినిమా చూశాను. ఆ షాట్ వచ్చినప్పుడు హాల్లో ఎవరూ కదల్లేదు, నా పక్కనావిడ కొంగుతో కళ్ళు ఒత్తుకుంది. నాకు మాత్రం తెరంత పెద్దదిగా ఆ జూకాయే కనబడింది, ఏడు రాళ్ళు, కింద ముత్యం.